వయసు చూడకండి, సెక్షన్ చూడండి

ఈమధ్య ఏ కంపెనీలో మేనేజర్లకి ట్రైనింగ్ పెట్టినా ఒక స్లైడు తప్పకుండా వస్తోంది. నాలుగు గళ్ళు, గడికొక తరం. అరవై దాటినవాళ్ళకి మర్యాదగా, ఏడాదికోసారి కూర్చోబెట్టి చెప్పాలంట. నలభై యాభైల్లో ఉన్నవాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యాలంట, ముప్పైల్లో వాళ్ళని ఎప్పటికప్పుడు మెచ్చుకుంటా ఉండాలంట, ఇరవైల్లో పిల్లలకి ఏదైనా వెంటనే ఫోన్లోనే చెప్పాలంట, గట్టిగా అంటే మానేసి పోతారంట. చూసినవాళ్ళంతా తల ఊపుతారు, ఎందుకంటే ప్రతి గడికీ సరిపోయే మనిషి ఒకరు మనకి తెలిసే ఉంటారు కదా. నా వాదన ఏందంటే ఆ స్లైడు పట్టుకుని టీముని నడిపితే మనం తప్పు చోట వెతుకుతాం, అసలు కారణం మన కళ్ళముందే ఉండి కూడా కనపడదు. ఇది ఊరికే అనట్లా, మా ప్లాంటులో ఒకే ఒక్క గొడవని మొదటినుంచీ చివరిదాకా విప్పి చూపిస్తా, చదివి మీరే చెప్పండి.

మాది నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు చుట్టుపక్కల చెరువుల నుంచి వెనామి రకం రొయ్య వస్తాది, తల తీసి, గ్రేడింగ్ చేసి, ఒలిచి, నరం తీసి, ఫ్రీజ్ చేసి ఎగుమతికి పంపుతాం. నేను ప్రొడక్షన్ చూస్తా. నా కింద పగటి షిఫ్టులో నలుగురు ముఖ్యమైనవాళ్ళు, నాలుగు వయసులు. గ్రేడింగ్ సూపర్‌వైజరు పెద్దాయన, అరవై రెండు. పీలింగ్ టేబుళ్ళ మేస్త్రి అక్క, నలభై ఎనిమిది. రొయ్యల్ని విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ మెషిన్ ఆపరేటర్, ముప్పై మూడు. క్వాలిటీలో చేరిన అమ్మాయి, ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో డిగ్రీ చేసింది, ఇరవై మూడు. ఆ స్లైడు వేసినవాళ్ళు చూస్తే ఎగిరి గంతేసేంత పొందిగ్గా ఉండాది మా టీము, గడికొకరు.

గొడవ యూనిఫార్మిటీ గురించి. రొయ్యల పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. తల తీసిన రొయ్యని ఎగుమతికి పౌనుకి ఎన్ని వస్తాయన్న లెక్కన గ్రేడు చేస్తారు, 16/20, 21/25, 26/30 అట్టా. 21/25 అంటే పౌనుకి ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు లోపల రావాలి. కానీ పౌనుకి ఇరవై మూడు వచ్చినంత మాత్రాన సరిపోదు, పెద్దవి కొన్నీ చిన్నవి కొన్నీ కలిసినా సగటు ఇరవై మూడే వస్తాది కదా. అందుకని శాంపిల్‌లో అన్నిటికన్నా పెద్దవి పది శాతం, అన్నిటికన్నా చిన్నవి పది శాతం తీసి, పెద్దవాటి బరువుని చిన్నవాటి బరువుతో భాగిస్తారు. అదే యూనిఫార్మిటీ. మేం చేస్తున్న ఆ ఆర్డరుకి కొనేవాళ్ళు 1.4 దాటకూడదన్నారు.

క్వాలిటీ అమ్మాయి అరగంటకోసారి గ్రేడింగ్ మెషిన్ కింద క్రేటులోంచి రెండు పౌన్లు, అంటే 908 గ్రాములు తీసి లెక్కపెడతాది. ఒకరోజు మధ్యాహ్నం శాంపిల్ ఇది: నలభై ఆరు రొయ్యలు, అంటే పౌనుకి ఇరవై మూడు, కౌంటు బ్రహ్మాండంగా ఉంది. పెద్దవి అయిదు తూస్తే 118 గ్రాములు, చిన్నవి అయిదు తూస్తే 78. భాగిస్తే 1.51. ఫెయిల్. ఆ అమ్మాయి పోయి పెద్దాయనకి చెప్పింది. ఆయన చూసి, "కౌంటు బాగానే ఉండాది గదమ్మా, చూద్దాంలే" అన్నాడు. అరగంట తర్వాత మళ్ళీ 1.46. మళ్ళీ చెప్పింది. అప్పటికి ఆ గ్రేడు రొయ్య చాలావరకు టేబుళ్ళ మీదకి పోయింది. ఇట్టా ఒకరోజు కాదు, షిఫ్టు రెండో సగంలో తరచూ ఇదే తంతు.

ఇప్పుడు దీనికి జనం చెప్పుకున్న కారణాలు వినండి. ఆఫీసులో ఒకరు, "పెద్దాయన పాత మనిషి, నిన్నగాక మొన్న వచ్చిన ఆడపిల్ల చెప్తే ఎందుకు వింటాడు" అన్నారు. గ్రేడింగ్ సెక్షన్‌లో ఇంకొకరు, "ఈ కాలం పిల్లలకి చెప్పిన క్షణంలో జరిగిపోవాలి, ఓపిక ఉండదు, వెంటనే పైకి కంప్లైంటు" అన్నారు. రెండూ నోటికి వెంటనే వచ్చే మాటలే. రెండిట్లో ఏది నమ్మినా మేనేజరు చెయ్యాల్సింది ఒకటే మిగుల్తాది, పెద్దాయన్ని కూర్చోబెట్టి "కాలం మారింది" అని చెప్పడం, లేకపోతే అమ్మాయిని పిలిచి "కొంచెం ఓపిక పట్టమ్మా" అని చెప్పడం. మెషిన్ దగ్గర మాత్రం ఏమీ మారదు.

నేను ఇట్టాంటప్పుడు పెట్టుకున్న పద్ధతి ఒకటుంది, కష్టమైంది కూడా కాదు. వయసు వల్ల అని ఎవరైనా అంటే రెండు జతలు వెతుకుతా. ఒకటి, అదే పని, వేరే వయసు. రెండోది, అదే వయసు, వేరే పని. మొదటి జతలో గొడవ పోకుండా అట్టానే ఉంటే, లేదా రెండో జతలో గొడవే లేకపోతే, కారణం వయసు అనడానికి లేదు. మా రాత్రి షిఫ్టులో గ్రేడింగ్ చూసేవాడికి ముప్పై కూడా దాటలేదు, అక్కడ క్వాలిటీ చూసేది నలభైల్లో ఉన్నాయన. అంటే వయసులు తిరగబడ్డాయి, చెప్పేవాడు పెద్ద, వినాల్సినవాడు చిన్న. ఇద్దరూ మగవాళ్ళే కాబట్టి ఆడపిల్ల చెప్పిందని వినలేదు అన్న మాటకి కూడా అక్కడ చోటు లేదు. ఆ షిఫ్టు రిజిస్టరు తీసి చూశా. అదే ఆలస్యం. మొదటి శాంపిల్ ఫెయిల్, రెండోది ఫెయిల్, మూడో దానికి గానీ సరికాలేదు. ఇక రెండో జత. ఐసు ప్లాంటు చూసే మనిషి కూడా మా పెద్దాయన ఈడువాడే, ఆయనకి ఇదే అమ్మాయి పోయి ఐసు నాణ్యత గురించి చెప్తే పది నిమిషాల్లో సరిచేస్తాడు, మొహం కూడా చిన్నబుచ్చుకోడు.

అంటే పెద్దాయన వయసు కాదు, అమ్మాయి వయసు కాదు. గ్రేడింగ్ దగ్గరే ఏదో ఉంది.

ఏముందో తెలుసుకోడానికి పోయి నిలబడి చూడ్డం తప్ప మార్గం లేదు. గ్రేడింగ్ మెషిన్‌లో రోలర్లు జతలు జతలుగా ఉంటాయి, పైనుంచి కిందకి వచ్చేకొద్దీ వాటి మధ్య సందు పెరుగుతా పోతాది. సన్న రొయ్య ముందు సందులోనే జారిపోతాది, లావు రొయ్య చివరిదాకా వస్తాది. రొయ్య ఒంటరిగా, నీళ్ళతో జారుతూ వస్తేనే ఈ లెక్క పనిచేస్తాది. పైన ఒక్కసారిగా ఎక్కువ పోస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి, సన్నది లావుదాని వీపు మీద సవారీ చేస్తా పెద్ద గ్రేడులోకి వచ్చి పడ్తాది. షిఫ్టు రెండో సగంలో ఏమవుతోందంటే, పొద్దున చెరువుల్లో పట్టిన రొయ్యల బండ్లు మధ్యాహ్నానికి ప్లాంటు బయట వరసకడ్తాయి, తల తీసిన సరుకు పేరుకుంటాది, ఫీడింగ్ దగ్గర కుర్రాళ్ళు గబగబా పోస్తారు. 1.51 అక్కడ పుడుతోంది. గుల్ల రొయ్య, అంటే పెంకు మార్చుకుని ఇంకా గట్టిపడనిది, ఎక్కువగా ఉన్న లాటయితే ఇంకా ఘోరం, అది నొక్కుకుని తన సందు కానిచోట కూడా దూరిపోతాది.

ఇది పెద్దాయనకి తెలియదా? అందరికన్నా బాగా ఆయనకే తెలుసు. అమ్మాయి వచ్చి చెప్పిన ప్రతిసారీ ఆయన "చూద్దాంలే" అని, ఆమె అటు పోగానే ఫీడింగ్ కుర్రాడికి చేత్తో సైగ చేసేవాడు, నిదానించమని. నేను పక్కన నిలబడి చూసేదాకా ఆ సైగ ఎవరి కంటా పడలా. పోత తగ్గించాక దాని ఫలితం కింద క్రేటులో కనపడ్డానికి పదీ పదిహేను నిమిషాలు పడ్తాది, మెషిన్ మీద ముందే ఉన్న సరుకు దిగాలి కదా. ఈలోపల కుర్రాళ్ళ మీద వెనకనుంచి ఒత్తిడి, మళ్ళీ పోత పెరుగుతాది. అమ్మాయి వైపు నుంచి చూస్తే ఆయన ఏమీ చెయ్యలేదు. ఆయన వైపు నుంచి చూస్తే చెయ్యాల్సింది చేశాడు, ఇంకా ఏం కావాలి ఈ పిల్లకి. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఫీడ్‌బ్యాక్ పోతోంది గానీ దానికి జవాబు తిరిగి రావట్లా, అంతే.

మరి పోత తగ్గించినా సరికానప్పుడు మెషిన్ ఆపి రోలర్లు సరిచెయ్యొచ్చు కదా, అది ఎందుకు చెయ్యడు? దీని జవాబు మేస్త్రి అక్క దగ్గర దొరికింది. టేబుళ్ళ మీద ఒలిచేవాళ్ళకి కిలో లెక్కన కూలి. గ్రేడింగ్ ఆగితే టేబుళ్ళకి సరుకు ఆగుతాది, సరుకు ఆగితే వాళ్ళ చేతులు ఊరికే ఉంటాయి, ఊరికే ఉన్న నిమిషానికి డబ్బుల్లేవు. మెషిన్ పది నిమిషాలు ఆగిందంటే ఇంతమంది ఆడవాళ్ళు పెద్దాయన మీద విరుచుకుపడ్తారు, వాళ్ళ కోపం న్యాయమైందే. వాళ్ళలో ఆయన వీధివాళ్ళు, చుట్టాలు కూడా ఉండారు. రాత్రి షిఫ్టు కుర్రాడికీ ఇదే భయం. ఆ కుర్చీలో ఇరవై ఏళ్ళవాడిని కూర్చోబెట్టినా, డెబ్బై ఏళ్ళాయన్ని కూర్చోబెట్టినా ఆపడానికి వెనకాడ్తారు.

ఇంకో మాట కూడా అక్క చెప్పింది, అది నాకు చాలా విలువైంది. "సార్, సన్నది కలిసిందంటే ఆ పాప తూచకముందే మాకు తెలుస్తాది. చేతికి తగుల్తాది గదా. ఇరవై ఒకటి ఇరవై అయిదు రేటిచ్చి సన్నది ఒలిపిస్తా ఉంటే నష్టం మాకే." నిజమే. పెద్ద రొయ్యకి కిలో ఒలిచే రేటు తక్కువ, సన్నదానికి ఎక్కువ, ఎందుకంటే సన్నది కిలోకి ఎక్కువ రొయ్యలు ఒలవాలి. పెద్ద గ్రేడులో సన్నది కలిస్తే ఎక్కువ పని చేసి తక్కువ రేటు తీసుకోవాలి. అంటే గ్రేడింగ్ సరిగ్గా ఉండటం అందరికన్నా ఎక్కువగా కావాల్సింది టేబుళ్ళవాళ్ళకే, కానీ దాన్ని సరిచేసే క్షణంలో నష్టపోయేదీ వాళ్ళే. ఈ ముడి విప్పకుండా పెద్దాయనకి "యువతరంతో మాట్లాడటం ఎలా" అని క్లాసు పీకి ఏం లాభం?

మేం మార్చింది చాలా తక్కువ. గ్రేడింగ్ మెషిన్ పక్కన పెద్దాయన కంటికెదురుగా ఒక తెల్ల బోర్డు పెట్టాం. మూడు గీతలు, టైము, యూనిఫార్మిటీ, ఏం చేశారు. మొదటి రెండూ అమ్మాయి రాస్తాది, మూడోది గ్రేడింగ్‌లో ఉన్నవాళ్ళు రాస్తారు, "పోత తగ్గించా" అనో "రోలర్ సరిచేశా" అనో, రెండు మాటలు చాలు. 1.4 దాటితే ముందు పోత తగ్గించాలి, పదిహేను నిమిషాలకి మళ్ళీ శాంపిల్, అరగంట ఆగేది లేదు. అప్పటికీ దాటితే మెషిన్ ఆగాలి. ఆపమని అమ్మాయి అడగక్కర్లా, ఆపాలా వద్దా అని పెద్దాయన ఆలోచించక్కర్లా, అది బోర్డు మీద అంకె చెప్పేస్తాది. టేబుళ్ళ కోసం గ్రేడయిన సరుకు కొన్ని క్రేట్లు ఐసులో వేసి చిల్ రూములో పక్కన పెడ్తాం, మెషిన్ ఆగిన పదీ పదిహేను నిమిషాలు టేబుళ్ళు దాంతో నడుస్తాయి. ఆ క్రేట్ల మీద టైము రాసిన చీటీ ఉంటాది, ముందు పెట్టింది ముందు పోవాలి, ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు దాటకూడదు, లేకపోతే ఒక గొడవ తీర్చబోయి ఇంకో గొడవ తెచ్చుకున్నట్టవుతాది.

ఆ తర్వాత ఒకరోజు శాంపిల్ నేను పక్కనుండి చూశా. 1.44. అమ్మాయి బోర్డు మీద రాసి ఏమీ మాట్లాడకుండా పోయింది. పెద్దాయన చూశాడు, కుర్రాడికి సైగ చేశాడు, మూడో గీతలో "పోత" అని రాశాడు. పదిహేను నిమిషాల తర్వాత పెద్దవి అయిదు 110, చిన్నవి అయిదు 86, భాగిస్తే 1.28. ఆయనే ఆ అమ్మాయిని పిలిచి, "చూడమ్మా, గుల్ల రొయ్య ఉన్న లాటయితే ఇంత తొందరగా దిగదు, ఇరవై నిమిషాలకి తియ్యి" అన్నాడు. ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది. వీళ్ళిద్దరూ తరాల మధ్య అగాధం అని మా ఆఫీసులో చెప్పుకున్న మనుషులు.

ఇక్కడ ఫీడ్‌బ్యాక్ గురించి పరిశోధనలో తేలిన ఒక సంగతి చెప్పుకోవాలి. 1996లో క్లూగర్, డెనిసీ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి చూశారు, మొత్తం ఇరవై మూడు వేలకి పైగా పరిశీలనలు. ఫీడ్‌బ్యాక్ సగటున పనిని మెరుగుపరుస్తాది గానీ, మూడో వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా పాడయింది అని తేలింది. ఎందుకు పాడవుద్ది అన్నదానికి వాళ్ళ వివరణ నాకు మా ఫ్లోర్ మీద రోజూ కనపడే విషయమే, మాట పని మీద నుంచి మనిషి మీదకి జారినప్పుడు అతని బుర్ర పని వదిలేసి తన పరువు కాపాడుకోడంలో పడ్తాది. "118కి 78 వచ్చింది" అంటే పని గురించి. "ఎన్నిసార్లు చెప్పినా వినవే" అంటే మనిషి గురించి. ఈ రెండో మాట పడితే అరవై రెండేళ్ళాయన మొహం ముడుచుకుంటాడు, ఇరవై మూడేళ్ళ పిల్లా ముడుచుకుంటాది. అది తరం లక్షణం అనడానికి ఏముంది?

తరాల గురించి నేరుగా చూసినవాళ్ళు కూడా ఉండారు. 2012లో కోస్టాంజా అనే పరిశోధకుడి బృందం ఉద్యోగ తృప్తి, సంస్థ మీద నిబద్ధత, మానెయ్యాలనే ఆలోచన, ఈ మూడిట్లో తరాల మధ్య తేడాలు ఎంత అని పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేడాలు చిన్నవి, చాలాచోట్ల సున్నాకి దగ్గర అని వచ్చింది. 2020లో అమెరికా నేషనల్ అకాడమీస్ వాళ్ళు ఇదే ప్రశ్న మీద పెద్ద రిపోర్టు ఇచ్చారు, ఉద్యోగుల్ని నడపడానికి ఈ తరాల గళ్ళు ఆధారంగా పెట్టుకోడానికి పరిశోధన మద్దతు లేదన్నారు. అమెరికాలోనే ఇట్టా ఉంటే, అక్కడి జననాల లెక్కలతో, అక్కడి చరిత్రతో గీసిన 1946-64, 1965-80, 1981-96, 1997-2012 అనే గీతలు తెచ్చి కోవూరు, విడవలూరు మనుషుల మీద ఎట్టా పెడ్తాం?

మా పనిలో మనుషుల్ని మార్చిన సంవత్సరాలు వేరు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2004 డిసెంబరులో సునామీ. 2009లో వెనామికి అనుమతి వచ్చాక మళ్ళీ అంతా లేచింది. మా పెద్దాయన తెల్లమచ్చ కాలంలో ముప్పైల్లో ఉన్నాడు, అప్పుడాయన వరసగా కంపెనీలు మారాడు, ఎందుకంటే ఒక్కోటీ మూతపడతా వచ్చింది. ఇప్పుడు మా ఐక్యూఎఫ్ ఆపరేటర్ కంపెనీ మారాలని చూస్తే "ఆ తరం అంతే, ఒకచోట నిలకడ ఉండదు" అంటారు. పెద్దాయన ఆ వయసులో ఎట్టా ఉన్నాడో అడిగితే కదా తెలిసేది.

దీంట్లో ఒక లెక్క చిక్కు కూడా ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి. ఒక మనిషి ఇప్పుడు ఇట్టా ఉండాడంటే అది అతని వయసు వల్ల కావచ్చు, పుట్టిన సంవత్సరం వల్ల కావచ్చు, ఇప్పుడు నడుస్తున్న కాలం వల్ల కావచ్చు. ఈ మూడిట్లో ఏ రెండు తెలిసినా మూడోది దానంతటదే వచ్చేస్తాది, ఈ ఏడాదిలోంచి పుట్టిన ఏడాది తీసేస్తే వయసు. అందువల్ల మూడింటి ప్రభావాన్నీ విడివిడిగా తూచడం లెక్క ప్రకారమే కుదరదు, ఏదో ఒకటి ముందే అనుకుంటే తప్ప. ఒక్కసారి సర్వే చేసి "ఇరవైల్లో వాళ్ళకి భరోసా ఎక్కువ కావాలి" అని తేలిస్తే అది ఆ తరం లక్షణమా, ఇరవైల్లో ఎవరైనా అంతేనా, లేక ఆ ఏడాది అందరూ అట్టానే ఉన్నారా, ఏదీ తెలియదు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి పోయినప్పుడు మా ప్లాంటులో పనికి భరోసా అడగనివాళ్ళు లేరు. అమ్మాయి అడిగింది, ఆపరేటర్ అడిగాడు, మేస్త్రి అక్క రోజూ అడిగింది, పెద్దాయన మాత్రం అడక్కుండా టీ టైములో నా పక్కన వచ్చి కూర్చునేవాడు. ఆయన అడగడం అదే.

ఇంకో రెండు చిన్న సంగతులు. రిజిస్టర్ల బదులు ట్యాబులు పెట్టినప్పుడు మేస్త్రి అక్క వాడలేదు, "ఆ వయసువాళ్ళకి టెక్నాలజీ భయం" అన్నారు. తడి గ్లౌజుతో తాకుతా ఉంటే స్క్రీన్ పలకట్లేదు, గ్లౌజు తీస్తే మళ్ళీ చేతులు కడుక్కుని క్లోరిన్ నీళ్ళలో ముంచి వెయ్యాలి. క్వాలిటీ అమ్మాయి కూడా ఫ్లోర్ మీద కాగితం మీదే రాసుకుని బయటికొచ్చాక ఎక్కిస్తోంది, ఆమె సంగతి మాత్రం ఎవరూ అనలేదు. అక్క ఇంటి దగ్గర ఫోన్లో డ్వాక్రా సంఘం లెక్కలన్నీ చూసుకుంటాది. అట్టానే అమ్మాయి ఆరయితే ఠంచనుగా బయల్దేరుతోందని ఈ కాలం పిల్లల పని పద్ధతి గురించి పెద్ద చర్చ జరిగింది. ప్లాంటు బస్సు ఆరుంపావుకి, అది పోతే ఆమె ఊరికి ఆ వేళప్పుడు ఒంటరిగా పోవాలి. అదే బస్సులో పోయే యాభై ఏళ్ళ ఆడవాళ్ళు కూడా ఆరింటికే లేస్తారు.

అట్టాగని వయసుకి అసలు లెక్కే లేదు అని నేను చెప్పట్లా. నలభై అయిదు దాటాక దగ్గరి చూపు తగ్గుతాది, చిల్ రూము మసక వెలుతురులో చిన్న డిస్‌ప్లే మీద అంకె చదవడం కష్టం, అందుకని పెద్ద అంకెల డిస్‌ప్లే పెట్టించా, అందరికీ సుఖంగానే ఉంది. అదీగాక మన దగ్గర పెద్దవాళ్ళని పదిమందిలో చిన్నవాళ్ళు తప్పు పట్టరు. ఆ అమ్మాయి పెద్దాయన్ని బాబాయ్ అంటాది, బాబాయ్‌ని టేబుళ్ళ ముందు "మీది ఫెయిల్ అయింది" అనడానికి ఆమెకి నోరు రాదు, రాకూడదని నేను కూడా అంటా. దాన్ని పోగొట్టుకోమని ట్రైనింగ్ ఇచ్చే బదులు బోర్డు పెట్టుకోవడం తేలిక. వరస చెడకుండా అంకె చేరాల్సిన చోటికి చేరిపోతోంది.

ఎవరికి ఎట్టా చెప్తే ఇష్టమో విడివిడిగా అడిగా కూడా. ఎప్పుడు చెప్పాలి, ఎవరి ముందు, నోటితోనా రాసా. పెద్దాయన అప్పటికప్పుడే, నిలబడినచోటే చెప్పమన్నాడు, షిఫ్టు అయ్యాక చెప్తే ఏ లాటో గుర్తుండదంట. ఆపరేటర్ షిఫ్టు అయ్యాక విడిగా చెప్పమన్నాడు, మెషిన్ మీద ఉండగా చెప్తే ధ్యాస పోతాదంట. అమ్మాయి రాసి ఇమ్మంది, మళ్ళీ చూసుకోవచ్చని. అక్కకి ఎట్టా చెప్పినా పర్లేదు గానీ టేబులు మీద వాళ్ళ ముందు వద్దంది. ఈ నాలుగు జవాబుల వెనక నాలుగు పనులున్నాయి. నలుగురే ఉన్న టీములో వయసుకొకరు ఉన్నప్పుడు దీన్నుంచి "అరవై దాటినవాళ్ళకి ఇట్టా" అని రాయడం అసలు కుదరదు, ఆ మాటకి ఉన్న ఆధారం ఒక్క మనిషి.

ఈ ఇష్టాలు కూడా అన్నిచోట్లా చెల్లవు. మెటల్ డిటెక్టర్‌లో టెస్టు ముక్క పోనిచ్చినప్పుడు మోగలేదంటే అక్కడ ఎవరి ఇష్టం లేదు. ఆ క్షణం లైను ఆగాలి, అంతకుముందు సరిగ్గా మోగిన చెకింగ్ దగ్గర్నుంచి ప్యాకయిన సరుకంతా పక్కన పెట్టి, మెషిన్ సరయ్యాక మళ్ళీ దాంట్లోంచి పంపాలి. ఆపరేటర్‌కి షిఫ్టు అయ్యాక చెప్తానంటే కుదురుద్దా? ఇది చేరిన రోజే అందరికీ చెప్తాం, ఈ ఒక్కచోట ఎవరు ఎవరికైనా అరిచి చెప్పొచ్చు, బాబాయ్ అయినా సరే.

పగలు బోర్డు బాగానే నడుస్తోంది. రాత్రి షిఫ్టులో ఇంకా పూర్తిగా కుదర్లేదు. తెల్లవారుజామున పక్కన పెట్టిన క్రేట్లు అయిపోతాయి, కొత్తవి నింపడానికి సరుకు చాలదు, అప్పుడు యూనిఫార్మిటీ దాటినా కుర్రాడు మెషిన్ ఆపడానికి జంకుతాడు, మూడో గీత ఖాళీగా ఉంటాది. మొన్న మీటింగులో దానికీ "ఆ వయసువాళ్ళకి బాధ్యత తక్కువ" అన్నారు. నేను అడిగింది మెషిన్ ఆగిన నిమిషాలకి టేబుళ్ళవాళ్ళకి గంట లెక్కన కూలి కట్టివ్వమని. లెక్క వేసిచ్చా, ఒక కంటైనర్ యూనిఫార్మిటీ మీద తగువుపడి రేటు తగ్గిందంటే పోయే డబ్బుతో పోలిస్తే అది ఏమూలకీ రాదు. ఇంకా జవాబు రాలేదు, వచ్చేనెల మీటింగులో మళ్ళీ పెడ్తా.